ఇంటీరియర్ డిజైనర్‌కి ఏం రాయాలి: ఆలస్యం, తేడా వచ్చిన షట్టర్లు, ఆపాల్సిన పేమెంట్

ప్రశ్న: మా ఫ్లాట్ ఇంటీరియర్ 60 రోజుల్లో ఇస్తామన్నారు, అగ్రిమెంట్ రాసుకుని ఇప్పటికి 95 రోజులు. సీలింగ్, పెయింట్ అయ్యాయి. కిచెన్ షట్టర్లు మ్యాట్ అనుకుంటే మెరిసేవి బిగించారు. బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ 6 తలుపుల్లో 2 వేరే రంగులా కనిపిస్తున్నాయి. టీవీ యూనిట్ అసలు రాలేదు, దాని డిజైన్ మాత్రం మధ్యలో మేమే మార్చాం. 60 శాతం ఇచ్చేశాం, మెటీరియల్ సైట్‌కి వచ్చింది కాబట్టి ఇంకో 30 శాతం పంపమంటున్నారు. కొత్త షెడ్యూల్ ఇచ్చేదాకా ఒక్క పైసా కూడా ఇవ్వం అని గట్టిగా రాద్దామనుకుంటున్నాను. ఎలా రాయాలి?

జవాబు:

ఆ "ఒక్క పైసా కూడా ఇవ్వం" ఒక్కటి తీసేయండి, మిగతాదంతా రాయొచ్చు, రాయాలి కూడా. నేను పన్నెండేళ్లు కాంట్రాక్టర్ల వైపు సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను, ఇప్పుడు ఇంటివాళ్ల తరఫున హ్యాండోవర్‌కి ముందు పని చెక్ చేసి లిస్ట్ రాసిస్తుంటాను, కాబట్టి ఇలాంటి మెసేజ్ అవతలి ఆఫీసులో ఎలా చదువుతారో నాకు తెలుసు. "మొత్తం ఆపేస్తున్నాం" అని వచ్చిందంటే అక్కడ ఎవరూ మీ షట్టర్ల గురించి ఆలోచించరు, మీ సైట్‌లో ఉన్న కార్పెంటర్లని రేపటినుంచి ఏ సైట్‌కి పంపాలా అని చూస్తారు. నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు ఒక ఇంటాయన సరిగ్గా ఇదే పని చేశాడు, ఆయన కోపం న్యాయమైనదే, కానీ మా ఓనర్ ఆ సాయంత్రమే మనుషుల్ని తీసేశాడు, అగ్రిమెంట్‌లో పేమెంట్ ఆగితే పని ఆపే హక్కు మాకు ఉందని ఒక లైన్ ఉంది మరి. మళ్లీ ఆ ఇంటికి మేం వెళ్లేసరికి నెల దాటింది. ఆ నెల ఆలస్యం కూడా ఆయన ఖాతాలోనే రాసుకున్నారు.

మీరు ఆపగలిగేది తేడా వచ్చిన పని విలువ, రాని పని విలువ. అది ఎంతో లెక్క వేసి, ఏ పని పూర్తయితే ఎంత వదులుతారో రాస్తే అవతలివాళ్లు కాదనడం కష్టం. ఆ లెక్క నిలబడాలంటే ముందు షట్టర్లలో తేడా దేనివల్ల వచ్చిందో మీకు తెలియాలి. రంగు తేడాగా ఉంది, బాగాలేదు అని రాస్తే "లైటింగ్ వల్ల అలా కనిపిస్తుంది సార్" అని ఒక్క ముక్కలో కొట్టేస్తారు. కాబట్టి మెసేజ్ టైప్ చేసే ముందు ఒక మధ్యాహ్నం ఇంటికి వెళ్లండి.

మొదట కిచెన్. నవ్వుకోకండి, షట్టర్ మీద ప్రొటెక్షన్ ఫిల్మ్ ఇంకా ఉందేమో చూడండి. పల్చటి ప్లాస్టిక్ పొర, గీతలు పడకుండా ఫ్యాక్టరీలోనే అంటిస్తారు, హ్యాండోవర్ రోజు దాకా తియ్యరు. అది ఉంటే ఎంత మ్యాట్ షీట్ అయినా మెరుస్తుంది, రంగు కూడా కొంచెం మారినట్టు ఉంటుంది. మూలలో గోరుతో ఒక అంగుళం లేపి చూస్తే తెలిసిపోతుంది. దీనిమీద పెద్ద గొడవ చేసి, చివరికి ఫిల్మ్ తీశాక మొహాలు చూసుకున్న ఇల్లు నాకు కనీసం రెండు గుర్తున్నాయి.

ఫిల్మ్ లేకుండానే మెరుస్తుంటే అప్పుడు కోడ్ చూడాలి. షట్టర్ మీద అంటించే లామినేట్ షీట్‌కి రంగు నంబర్ ఒకటి, దాని పక్కన ఫినిష్ చెప్పే రెండు మూడు అక్షరాలు ఉంటాయి. ఒకే రంగు మ్యాట్‌లోనూ, స్వేడ్‌లోనూ, మెరిసే గ్లాసీలోనూ దొరుకుతుంది. ఆర్డర్ పెట్టేవాడు రంగు నంబర్ రాసి ఫినిష్ అక్షరాలు వదిలేస్తే షాపులో ఏది స్టాక్ ఉంటే అది వస్తుంది. ఫినిష్ తప్పులు చాలావరకు ఇలాగే పుడతాయి, ఎవరూ కావాలని మోసం చేయరు, కానీ తప్పు మాత్రం వాళ్లదే. షీట్ వెనకవైపు కోడ్ ప్రింట్ అయి ఉంటుంది, లేదంటే స్టిక్కర్ ఉంటుంది. షట్టర్‌కి అంటించాక అది కనిపించదు కాబట్టి సైట్‌లో మిగిలిన ముక్కలు ఎక్కడైనా పడి ఉంటే తీసి దాచుకోండి. దొరక్కపోతే షీట్లు కొన్న బిల్లు కాపీ అడగండి, కోడ్ మొత్తం అందులో ఉంటుంది. మీరు సంతకం పెట్టిన శాంపిల్‌లోనో, డ్రాయింగ్‌లోనో ఉన్న కోడ్‌తో పోల్చి చూస్తే విషయం అక్కడే తేలిపోతుంది.

కోడ్ తప్పయితే ఆ షట్టర్లకి రిపేర్ ఉండదు. ప్రెస్ చేసిన లామినేట్‌ని ఊడదీస్తే కింద చెక్క పొర కూడా లేచి వస్తుంది. పైన ఇంకో షీట్ అంటిస్తాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మందం పెరుగుతుంది, అంచులకి అంటించే ఎడ్జ్ బ్యాండ్ సరిపోదు, తలుపుల మధ్య గ్యాప్‌లు మారతాయి. కొత్త షట్టర్లు చేయించడమే దారి. కానీ లోపలి బాక్సులు, హింజులు, చానళ్లు బాగానే ఉంటే వాటిని ముట్టుకోనక్కర్లేదు. ఇది గుర్తు పెట్టుకోండి, షెడ్యూల్ దగ్గర మళ్లీ దీని అవసరం వస్తుంది.

ఇప్పుడు వార్డ్‌రోబ్. కోడ్ ఒకటే అయి ఉండి 2 తలుపులు తేడాగా కనిపిస్తున్నాయంటే ఎక్కువగా రెండు కారణాలు. ఒకటి లాట్ తేడా. మొదట కొన్ని షీట్లు తెచ్చి, తక్కువైతే పది రోజుల తర్వాత ఇంకో రెండు తెచ్చారనుకోండి, అవి వేరే బ్యాచ్‌లో తయారైనవి కావచ్చు. ఒకే కోడ్‌లో కూడా బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ రంగు వెంట్రుకవాసి మారుతుంది, విడిగా చూస్తే ఎవరూ పట్టలేరు, పక్కపక్కన ఉంటే మాత్రం వెంటనే కంటికి తగులుతుంది. రెండోది గ్రెయిన్ దిశ. చెక్క గీతలున్న షీట్లు, మెటాలిక్ షీట్లు, టెక్స్చర్ ఉన్నవి ఏ వైపు తిప్పి కోశారన్న దాన్నిబట్టి వెలుగు వేరుగా పడుతుంది. షీట్ ఆదా చేయడానికి కటింగ్ చేసేవాడు రెండు పలకలు అటు తిప్పి కోస్తే, రంగు అదే అయినా గదిలో నిలబడి చూసినప్పుడు ఒకటి ముదురుగా, ఒకటి లేతగా ఉంటుంది.

ఏది ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. తేడా ఉన్న తలుపుల్లో ఒకదాన్ని కార్పెంటర్‌తో హింజుల నుంచి విప్పించి, బాగున్న తలుపు పక్కన నిలబెట్టి నెమ్మదిగా తిప్పించండి. ఒక పక్కకి తిప్పగానే రెండూ ఒకేలా కనిపిస్తే అది దిశ తప్పు. ఎటు తిప్పినా తేడా అలాగే ఉంటే అది లాట్ తేడా. ఈ రెంటికీ వైద్యం వేరు. దిశ తప్పయితే ఆ 2 తలుపులు మళ్లీ చేస్తే చాలు, పాత లాట్ షీట్ మిగిలి ఉన్న పక్షంలో. లాట్ తేడా అయితే పాత లాట్ షీట్లు ఇంకా దొరుకుతాయా అన్నదే అసలు ప్రశ్న. దొరక్కపోతే 6 తలుపులూ ఒకే లాట్‌తో చేయాలి, లేదంటే కొత్త 2 మళ్లీ వేరేగానే ఉంటాయి. డిజైనర్ "రెండు మార్చేస్తాం" అని తేలిగ్గా అన్నప్పుడు చాలామంది సంతోషంగా ఒప్పేసుకుంటారు, మూడు వారాలు ఆగాక వచ్చినవి మూడో షేడ్‌లో ఉంటాయి.

ఇవన్నీ పగటి వెలుగులో చూడండి, కర్టెన్లు పక్కకి లాగి, లైట్లు ఆపి. గదిలో పసుపు రంగు ఎల్ఈడీ, అంటే 3000 కెల్విన్ బల్బులు ఉండి, మీరు శాంపిల్ చూసిన షోరూమ్‌లో తెల్లవెలుగు 6500 కెల్విన్ ఉంటే ఒకే షీట్ రెండు చోట్లా రెండు రంగుల్లా అనిపిస్తుంది. పగటి వెలుగులో శాంపిల్‌తో కలిసిపోతే అది డిజైనర్ తప్పు కాదు, ఆ పాయింట్ మెసేజ్‌లో పెట్టకండి, పెడితే మిగతా పాయింట్ల బలం కూడా పోతుంది.

ఫోటోలు తీసేటప్పుడు శాంపిల్ ముక్కనీ షట్టర్‌నీ ఒకే ఫ్రేమ్‌లో పెట్టండి, ఫ్లాష్ వద్దు. విడివిడిగా తీసిన రెండు ఫోటోలు పనికిరావు, ఎందుకంటే ఫోన్ ప్రతి ఫోటోకీ రంగుల్ని తనంతట తానే సర్దేస్తుంది. మెరుపు తేడా ఎదురుగా తీస్తే పడదు, పక్కనుంచి వాలుగా ఒకటి తీయండి, కిటికీ ప్రతిబింబం షట్టర్ మీద ఎంత స్పష్టంగా ఉందో చూస్తే చాలు. ప్రతి షట్టర్‌కీ మాస్కింగ్ టేప్ మీద ఒక నంబర్ రాసి అంటించండి, ఇక ఎవరితో మాట్లాడినా ఆ నంబర్‌తోనే మాట్లాడండి.

ఆలస్యం లెక్క కూడా ఇలాగే, ముందు మీరే వేసుకోవాలి. 95లోంచి 60 తీసేసి 35 రోజులు లేట్ అని రాశారంటే వాళ్లు మొదటి జవాబులోనే దాన్ని పడగొడతారు. చాలా అగ్రిమెంట్లలో రోజులు మొదలయ్యేది సంతకం రోజు నుంచి కాదు, ఫైనల్ డ్రాయింగులు మీరు ఓకే చేసిన రోజు నుంచి, లేదా పెద్ద వాయిదా చేరిన రోజు నుంచి. పని దినాలా, మామూలు రోజులా అన్నది కూడా చూసుకోండి. ఉదాహరణకి డ్రాయింగులు 9వ రోజున ఓకే చేశారనుకుందాం. గడువు 69వ రోజుకి పడుతుంది, అసలు ఆలస్యం 26 రోజులు. టీవీ యూనిట్ డిజైన్ మార్చడం, కొత్త డ్రాయింగ్ ఓకే చేయడం కలిపి మీవైపు 8 రోజులు పోయాయనుకోండి, దానికి మీరు అడగగలిగేది 18 రోజులే. కానీ ఆ 8 రోజులు టీవీ యూనిట్‌కి మాత్రమే, కిచెన్‌కీ వార్డ్‌రోబ్‌కీ దానితో సంబంధం లేదు. "మీరు డిజైన్ మార్చారు కదా, అందుకే మొత్తం లేట్" అని డిజైనర్లు అలవాటుగా అనే మాట ఇది, దానికి జవాబు ముందే రాసి ఉంచితే ఇక అనలేరు. మీ 8 రోజులు మీరే ఒప్పుకోవడంలో నష్టమేమీ లేదు.

ఇక డబ్బు. మీ కొటేషన్ నా దగ్గర లేదు కాబట్టి మొత్తం 100 అనుకుని అంకెలు నేనే ఊహించి వేస్తున్నాను, మీవి పెట్టుకుని మార్చుకోండి. సీలింగ్, ఎలక్ట్రికల్, పెయింట్ కలిపి 30. కిచెన్ 35, అందులో షట్టర్ల వాటా 14. వార్డ్‌రోబ్ 25, అందులో తలుపులు 8. టీవీ యూనిట్ 10. ఇప్పుడు సరిగ్గా పూర్తయిన పని ఎంత? సీలింగ్ వగైరా 30 మొత్తం. కిచెన్‌లో షట్టర్లు పోగా 21. వార్డ్‌రోబ్‌లో తలుపులు పోగా 17. టీవీ యూనిట్ సున్నా. మొత్తం 68. మీరు ఇచ్చింది 60. అంటే వాళ్లకి న్యాయంగా రావాల్సింది ఇంకా 8 ఉంది. వాళ్లు అడుగుతున్న 30లో 8 ఇచ్చి 22 ఆపడం మీ లెక్క. ఇలా రాసినప్పుడు మీరు డబ్బు ఎగ్గొట్టే మనిషి కాదని తెలుస్తుంది, పేమెంట్ రాలేదు అన్న వంకతో పని ఆపడానికి వాళ్లకి చోటు కూడా చాలా తగ్గిపోతుంది.

వార్డ్‌రోబ్‌లో 2 తలుపులే తేడా కదా, 8 మొత్తం ఎందుకు ఆపాలి అంటారేమో. పైన చెప్పిన లాట్ సంగతే కారణం, పాత లాట్ దొరక్కపోతే 6 కూడా మార్చాల్సి వస్తుంది. పాత లాట్ షీట్లు ఉన్నట్టు చూపిస్తే 2 తలుపుల వాటాకి తగ్గించుకోండి.

ఆపిన 22ని ఎలా వదలాలన్నది ఇంకో లెక్క. షట్టర్లు మార్చగానే మొత్తం 22 ఇచ్చేస్తే మీ చేతిలో మిగిలేది చివరి 10, అది ఇంకా రాని టీవీ యూనిట్ విలువకే సరిపోతుంది, చివర్లో గీతలు, గ్యాప్‌లు, సరిగ్గా పడని డ్రాయర్లు సరిచేయించుకోవడానికి ఏమీ ఉండదు. కాబట్టి కిచెన్ షట్టర్లు బిగించి చూసుకున్నాక 12, వార్డ్‌రోబ్ తలుపులకి 5, టీవీ యూనిట్ బిగించాక 5 అని విడగొట్టండి. చివరి 10 ముందు అనుకున్నట్టే హ్యాండోవర్ లిస్ట్ మొత్తం పూర్తయ్యాక. తేదీలకి కాకుండా బిగించడం పూర్తవడానికి డబ్బు ముడిపెట్టండి. "15న ఇస్తాం" అని రాస్తే 15న మీరు ఇవ్వాల్సిందే, షట్టర్లు వచ్చినా రాకపోయినా.

వాళ్లు పట్టుకునే లైన్ ఒకటుంది, "మెటీరియల్ సైట్‌కి చేరగానే 30 శాతం" అని అగ్రిమెంట్‌లో ఉంది కదా అంటారు. దానికి మీ జవాబు, చేరాల్సింది ఒప్పుకున్న శాంపిల్‌కి సరిపోయే మెటీరియల్, అందులో కిచెన్ షట్టర్లు లేవు, టీవీ యూనిట్ అసలే చేరలేదు. ఇది వాయిదా గడువు దాటకముందే రాతలో పంపాలి. గడువు దాటాక పంపితే ఆలస్యంగా కట్టినవాళ్లు మీరే అవుతారు. అగ్రిమెంట్‌లో వివాదం గురించి ఇన్ని రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి లాంటి క్లాజ్ ఏదైనా ఉంటే దాన్ని పాటించండి. మొత్తం పెద్దదైతే పంపేముందు ఒకసారి లాయర్‌కి చూపించడం మంచిది, ఒక్కో అగ్రిమెంట్ ఒక్కోలా ఉంటుంది.

షెడ్యూల్ అడిగేటప్పుడు "కొత్త డేట్ చెప్పండి" అని అడిగితే ఒక డేట్ చెప్తారు, అంతే. అడగాల్సింది ప్రతి ఐటెమ్‌కీ షీట్ ఆర్డర్ పెట్టే తేదీ, షీట్ వచ్చే తేదీ, ప్రెసింగ్, కటింగ్, ఎడ్జ్ బ్యాండ్, డెలివరీ, బిగింపు. అన్ని ఐటెమ్‌లకీ ఒకే ఆఖరి తేదీ ఉండి, షీట్ ఆర్డర్ తేదీ ఎక్కడా లేకపోతే అది ఆఫీసులో కూర్చుని అయిదు నిమిషాల్లో రాసిన షెడ్యూల్ అనుకోవచ్చు. మరీ తొందర పెట్టకండి కూడా. షట్టర్ పలకకి రెండువైపులా షీట్ వేసి ప్రెస్‌లో ఉంచాక జిగురు పూర్తిగా ఆరనివ్వాలి, ఆ ఒక రోజు మింగేస్తే తర్వాత బుడగలు లేస్తాయి, పొడవాటి వార్డ్‌రోబ్ తలుపులు వంకర తిరుగుతాయి. షీట్ స్టాక్‌లో ఉంటే ఇలాంటి షట్టర్లు మళ్లీ చేయడానికి రెండు నుంచి మూడు వారాలు అడగడం మామూలే. నాలుగు రోజుల్లో తెచ్చేస్తాం అంటే నాకు అనుమానం వస్తుంది.

ఆ మూడు వారాలూ కిచెన్ ఖాళీగా ఉండక్కర్లేదు. ఇందాక బాక్సులు బాగున్నాయి అన్నాను చూడండి, కౌంటర్‌టాప్ కూర్చునేది వాటిమీద, షట్టర్ల మీద కాదు. కింది బాక్సులు లెవెల్‌లో ఉండి గోడకి బిగించి ఉంటే కౌంటర్ కొలతలు ఈ వారమే తీసుకోవచ్చు, రాయి కోసి తెచ్చేలోపు షట్టర్లు తయారవుతాయి. ఆ తర్వాత సింక్, కుళాయి, వెనక గోడ టైల్స్. చాలామంది డిజైనర్లు "షట్టర్లు రానీండి, అప్పుడు కౌంటర్ చేద్దాం" అంటారు, ఒకటే టీమ్‌ని ఒకటే రోజు పంపితే వాళ్లకి ఖర్చు తగ్గుతుంది కాబట్టి. మీకు మాత్రం దానివల్ల రెండు వారాలు పోతాయి.

ఇంకొక్కటి, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. కొత్త షీట్లు కోయకముందు మీరు చూడాలి. షీట్ల వెనక ఉన్న కోడ్, లాట్ స్టిక్కర్ కనిపించేలా ఫోటో, వీలైతే మీరే వెళ్లి శాంపిల్ పెట్టి చూడడం. రంపం పడ్డాక ఏం చెప్పినా లాభం లేదు.

మెసేజ్ ఇదిగో. మెయిల్‌గా పంపండి, వాట్సాప్‌లో "మెయిల్ పంపాను చూడండి" అని ఒక్క లైన్ చాలు. అంకెలు మీవి వేసుకోండి.

"నమస్తే అండీ,

పని ఇప్పుడు ఎక్కడుందో, మాకు ఏం కావాలో ఒకేచోట ఉండాలని ఈ మెయిల్ రాస్తున్నాను. సీలింగ్, ఎలక్ట్రికల్, పెయింట్ పూర్తయ్యాయి, వాటితో మాకు ఇబ్బంది లేదు. కిచెన్, వార్డ్‌రోబ్ బాక్సులు కూడా బాగున్నాయి.

కిచెన్ షట్టర్లు 1 నుంచి 18 వరకు మనం సంతకం చేసిన శాంపిల్‌తో కలవడం లేదు. శాంపిల్ మ్యాట్, బిగించినవి గ్లాసీ. ఫిల్మ్ తీసి, పగటి వెలుగులో శాంపిల్ పక్కన పెట్టి చూశాం, ఫోటోలు జతచేశాను. బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్‌లో ఎడమనుంచి 3, 4 తలుపులు మిగతా నాలుగింటితో కలవడం లేదు. తిప్పి చూసినా తేడా పోలేదు కాబట్టి షీట్లు వేరే లాట్‌వి అనుకుంటున్నాం. రెండిటికీ షీట్ల కొనుగోలు బిల్లు కాపీ పంపండి. కిచెన్ షట్టర్లు ఒప్పుకున్న కోడ్‌తో మళ్లీ చేయాలి. వార్డ్‌రోబ్‌కి పాత లాట్ షీట్లు ఉంటే 2 తలుపులు, లేకపోతే 6 తలుపులూ ఒకే లాట్‌తో చేయాలి. తప్పు మెటీరియల్ వల్ల వచ్చింది కాబట్టి దీనికి అదనపు ఖర్చు మాపై పడకూడదు.

డ్రాయింగులు ఓకే అయిన రోజునుంచి లెక్కవేస్తే గడువు దాటి 26 రోజులైంది. టీవీ యూనిట్ డిజైన్ మార్పు వల్ల 8 రోజులు మావైపు పోయాయి, దానికి ఆ యూనిట్ వరకు ఒప్పుకుంటున్నాం. కిచెన్, వార్డ్‌రోబ్‌కి అది వర్తించదు.

శుక్రవారంలోగా ప్రతి ఐటెమ్‌కీ షీట్ ఆర్డర్, షీట్ రాక, ప్రెసింగ్, డెలివరీ, బిగింపు తేదీలతో కొత్త షెడ్యూల్ పంపండి. కౌంటర్‌టాప్ కొలతలు షట్టర్ల కోసం ఆగకుండా ఈ వారమే తీసుకోవాలని కోరుతున్నాం. కొత్త షీట్లు కోసేముందు కోడ్, లాట్ కనిపించేలా మాకు చూపించి, రాతలో ఓకే తీసుకోండి.

మీరు అడిగిన 30 శాతంలో సరిగ్గా పూర్తయిన పనికి రావాల్సిన 8 శాతం షెడ్యూల్ అందిన రోజే పంపుతాం. మిగతా 22 శాతం పేమెంట్ ఆపుతున్నాం, అది ఇలా విడుదల చేస్తాం: కిచెన్ షట్టర్లు బిగించి ఇద్దరం చూసుకున్నాక 12, వార్డ్‌రోబ్ తలుపులకి 5, టీవీ యూనిట్‌కి 5. చివరి 10 శాతంలో మార్పు లేదు. ఈ లెక్క మీ కొటేషన్ విలువల ప్రకారం వేసింది, జతచేశాను. తేడా ఉందనిపిస్తే ఏ లైన్‌లో ఉందో రాయండి.

షట్టర్లు మార్చేదాకా వాటిని వాడాల్సి వస్తే అది తాత్కాలికమే, మేం వాటిని ఒప్పుకున్నట్టు కాదు.

ఈ వారంలో ఒకరోజు సైట్‌లో కలిసి లిస్ట్ మొత్తం చూద్దాం, మీకు వీలైన రోజు చెప్పండి."

ఇందులో కోపం ఎక్కడా లేదు, కావాలనే తీసేశాను. కోపం ఉంటే దానికే జవాబు రాస్తారు, లెక్కకి రాయరు. మీకు కోపం రాలేదని కాదు, అది మీ ఇంట్లోవాళ్లకి చెప్పుకోండి.

దీనికి వచ్చే జవాబుల్లో రెండు ఊహించొచ్చు. మొదటిది, "డబ్బు రాకపోతే షీట్లు ఎలా ఆర్డర్ పెట్టాలి?" చిన్న డిజైనర్ అయితే ఇది నిజమే అయి ఉండొచ్చు, మీ డబ్బు ఇంకో సైట్‌లో ఇరుక్కుని ఉంటుంది. అప్పుడు ఇంకో వాయిదా ఆయన చేతికి ఇవ్వకుండా, షీట్ల బిల్లు మీ పేరుమీద వేయించి దుకాణానికి మీరే కట్టేయండి, ఆ మొత్తం ఆపిన 22లోంచి తగ్గుతుందని మెయిల్‌లో రాసుకోండి. షీట్లు మీవి అవుతాయి, పని మధ్యలో తెగిపోయినా ఇంకో కార్పెంటర్ దగ్గరికి తీసుకెళ్లొచ్చు.

రెండోది, "ఉంచేసుకోండి, కొంత తగ్గిస్తాం". దీన్ని వెంటనే కాదనకండి. వార్డ్‌రోబ్ తలుపుల తేడా మీకు పగలు కిటికీ తెరిస్తేనే కనిపిస్తుందా, లేక గదిలోకి రాగానే కళ్లు అక్కడికే పోతున్నాయా అన్నది మీకే తెలుసు. మొదటిదైతే తగ్గింపు తీసుకోవడం తప్పేం కాదు, మూడు వారాలు మిగులుతాయి. కిచెన్ విషయంలో మాత్రం నేనైతే ఒప్పుకోను, మ్యాట్ అడిగినవాళ్లు వేలిముద్రలు కనపడకూడదనే అడుగుతారు, గ్లాసీ షట్టర్లని రోజూ తుడుచుకుంటూ ఉండాలి. తగ్గింపు తీసుకుంటే అది ఏ షట్టర్ నంబర్లకో, ఎంతో రాసుకుని, అవి హ్యాండోవర్ లిస్ట్‌లోంచి తీసేసినట్టు ఇద్దరూ ఓకే అనుకోవాలి.

ఇక షట్టర్లు మళ్లీ చేయిస్తుంటే ఎలాగూ షీట్లు వస్తాయి కాబట్టి అదే లాట్‌లో కిచెన్‌కి ఒకటి, వార్డ్‌రోబ్‌కి ఒకటి ఎక్కువ తెప్పించి మంచం కిందో, స్టోర్‌లోనో పడుకోబెట్టి ఉంచండి. నిలబెట్టకండి, వంగిపోతాయి. రెండేళ్ల తర్వాత ఏ సింక్ కింద తలుపో నీళ్లకి ఉబ్బితే అప్పుడు ఈ లాట్ ఎక్కడా దొరకదు.